'ను' మోసే బరువు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

నీ కథ అందింది. కథ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు అందులోని ఒక్క వాక్యం గురించే మాట్లాడాలని ఉంది. "కమలను తిట్టిన విమల ఏడుస్తూ బయటికి వెళ్ళిపోయింది" అని రాశావు. తిట్టినామె ఏడవడమేమిటా అని అక్కడే ఆగిపోయాను. తర్వాతి పేజీలోకి వెళ్తే గానీ అర్థం కాలేదు, తిట్టింది కమల, మాట పడింది విమల. నువ్వు రాయాల్సింది "కమల తిట్టిన విమల" అని.

ఒక్క 'ను' తేడా. రెండూ తప్పులేని తెలుగు వాక్యాలే. వ్యాకరణం చూసేవాడికి ఏ దోషమూ కనిపించదు, కథ మాత్రం తలకిందులైంది. అందుకే ఇలాంటివి ప్రూఫులో కూడా దొరకవు.

ఇది ఎందుకు జరుగుతుందో చూడు. 'తిట్టిన' అనే రూపానికి చివర డు, ది, రు లాంటివేవీ ఉండవు. ఎవరు తిట్టారో అది చెప్పదు. ఆ సంగతి చెప్పాల్సిన భారమంతా దాని ముందున్న పేరు మీద పడుతుంది. 'కమల' అని ఊరికే వదిలేస్తే తిట్టింది కమల. అప్పుడు తిట్లు తిన్నవాళ్ళ స్థానం ఖాళీగా ఉంటుంది, వెనక వచ్చే విమల అందులోకి వెళ్తుంది. 'కమలను' అంటే ఆ స్థానం నిండిపోయినట్టే. ఇక మిగిలింది తిట్టేవాళ్ళ స్థానం, విమలకు అదే దక్కుతుంది. "కుక్క కరిచిన పిల్లాడు", "కుక్కను కరిచిన పిల్లాడు" పక్కపక్కన పెట్టి చదివితే తేడా వెంటనే తెలుస్తుంది. అనుమానం వచ్చినప్పుడు వాక్యాన్ని విడగొట్టు. "కమల విమలను తిట్టింది. విమల ఏడ్చింది." మొదటి ముక్కలో ఏ పేరుకు 'ను' వచ్చిందో, ఆ పేరును 'తిట్టిన' తర్వాతికి జరిపితే దాని 'ను' రాలిపోతుంది. రెండో పేరుకు కొత్తగా ఏదీ తగిలించకూడదు. నువ్వు ఆ పేరుకే 'ను' తగిలించావు.

మామూలు వాక్యంలో మనకు ఇంకో సాయం ఉంటుంది. "రాజు కమలను పిలిచాడు" అంటే 'ను'తో పాటు క్రియలోని 'డు' కూడా పిలిచింది రాజేనని చెబుతుంది. కానీ ఇద్దరూ ఆడవాళ్ళో, ఇద్దరూ మగవాళ్ళో అయితే క్రియ చేతులెత్తేస్తుంది. పైగా తెలుగులో ఒక్క స్త్రీకి, ఒక్క జంతువుకు, ఒక్క వస్తువుకు కూడా అదే 'ది'. "పులి లేడిని చంపింది" అన్నప్పుడు 'చంపింది' ఎవరికైనా సరిపోతుంది. లేడి చచ్చిందని చెప్పేది ఆ 'ని' మాత్రమే. నీ కథలో ముఖ్యులు ముగ్గురూ ఆడవాళ్ళు కాబట్టి ఈ బరువు నీకు ప్రతి పేజీలోనూ ఉంటుంది.

మరి "పుస్తకం చదివాను" అన్నప్పుడు 'ను' ఎందుకు అక్కర్లేదు? పుస్తకం మనిషిని చదవదు కాబట్టి. ప్రాణం ఉన్నది పని చేస్తుందని, ప్రాణం లేనిది పని చేయించుకుంటుందని మన బుర్ర ముందే అనుకుంటుంది. అనుకున్నట్టే జరిగితే గుర్తు పెట్టక్కర్లేదు. ప్రాణి మీద పని జరిగినప్పుడే ఆ ఊహ ఎదురుతిరుగుతుంది, అక్కడ గుర్తు కావాలి. ఇది తెలుగు ఒక్కదాని అలవాటు కాదు. హిందీలో పుస్తకం చదివితే 'కో' అక్కర్లేదు, అబ్బాయిని పిలిస్తే 'కో' కావాలి. స్పానిష్‌లో నామవాచకాల చివర విభక్తులే లేవు, అయినా పని మనిషి మీద జరిగితే ఆ పేరు ముందు 'ఆ' అనే చిన్నమాట వచ్చి కూర్చుంటుంది.

వస్తువుకు 'ను' పెడితే తప్పని కాదు. "ఒక పుస్తకం కొన్నాను. ఆ పుస్తకాన్ని రెండు రోజుల్లో చదివేశాను" అన్నప్పుడు అది హాయిగా ఉంది, ఎందుకంటే ఏ పుస్తకమో అప్పటికే తెలుసు. "అన్నాన్ని తిని, నీళ్ళను తాగి, తలుపును వేసి పడుకున్నాడు" అంటే మాత్రం అనువాదం వాసన కొడుతుంది. "అన్నం తిని, నీళ్ళు తాగి, తలుపు వేసి" అను చాలు. అలాగని వస్తువులన్నిటికీ తీసెయ్యకు. "రాయి అద్దాన్ని పగలగొట్టింది" లో రెండూ ప్రాణం లేనివే, ఏది దేన్ని చేసిందో ముందే ఊహించడానికి లేదు. అక్కడ ఉండాల్సిందే. ఇటువైపు "చేపలు పట్టాడు", "మేకలు కాస్తున్నాడు" చూడు. ప్రాణులే అయినా 'ను' లేదు, ఎందుకంటే అక్కడ మాట ఒక చేప గురించో ఒక మేక గురించో కాదు, వృత్తి గురించి. "తప్పిపోయిన మేకను పట్టుకున్నాడు" అనగానే 'ను' తిరిగొస్తుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ, నాకు తెలుగులో అన్నిటికంటే ఇష్టమైన సూక్ష్మం ఇదే.

ఇప్పుడు 'కి', 'కు'. బడిలో వల్లె వేసిన పట్టికలో ఇవి 'యొక్క' పక్కన షష్ఠిలో ఉంటాయి. అవి చేసే పని ఆ పట్టిక చూస్తే తెలియదు. "నాకు నువ్వు నచ్చావు" తీసుకో. ఇష్టపడేది నేను, కానీ క్రియ చివరి 'వు' నీతో కలిసింది. కోపం రావడం, ఆకలి వేయడం, తెలియడం, గుర్తుండటం, ఇవన్నీ మనిషి చేసే పనులు కావు, మనిషికి కలిగేవి. అందుకే ఆ మనిషి కర్తలా నిలబడడు, 'కి' పెట్టుకుని వస్తాడు. నీ వాక్యంలో జరిగిన తిరకాసు ఇక్కడా ఉంటుంది, కాకపోతే ఇక్కడ అడ్డం తిరిగేది 'కు'. "కమలకు నచ్చిన అబ్బాయి" అంటే ఇష్టం కమలది. "కమల నచ్చిన అబ్బాయి" అంటే ఇష్టం అబ్బాయిది. ప్రేమకథ రాసేటప్పుడు ఈ 'కు' జారిపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఈ ప్రత్యయాలు ఇంత పని చేస్తున్నాయి కాబట్టే మాటల వరస నీ చేతిలో ఉంది. "కమల లతను విమలకు అప్పగించింది." ఈ మూడు పేర్లనూ ఆరు రకాలుగా పేర్చవచ్చు, ఎలా పేర్చినా లత చేరేది విమల దగ్గరికే. మారేది ఊనిక. క్రియకు ఆనుకుని ఉన్న మాట మీద చెవి నిలుస్తుంది. "లతను విమలకు కమల అప్పగించింది" అంటే అప్పగించింది ఇంకెవరో కాదు, కమలేనని. ఇంగ్లిషులో పేర్ల చివర ఇలాంటి గుర్తులు పోయాయి కాబట్టి, రెండు పేర్లు తారుమారు చేస్తే దెబ్బ కొట్టినవాడే దెబ్బ తిన్నవాడవుతాడు. నీ సంభాషణల్లో ప్రతి వాక్యం కర్త, కర్మ, క్రియ వరసలోనే నడుస్తోంది. కోపంలో ఉన్నవాళ్ళు అలా మాట్లాడరు. "నన్నా నువ్వు అడిగేది?" అంటారు. నన్ను అన్న మాట ముందుకు దూకుతుంది, ఆ 'న్ను' ఉంది కాబట్టే దూకగలుగుతుంది.

ఒక్క చోట మాత్రం ఇవేవీ నిన్ను కాపాడలేవు. ఆరో పేజీలో "ఆమె ఆమెను చూసి నవ్వింది" అని ఉంది. చూసింది మొదటి ఆమె, కనిపించింది రెండో ఆమె, అంతవరకు 'ను' చెప్పింది. కానీ ఆ మొదటి ఆమె ముగ్గురిలో ఎవరు? విభక్తి పాత్ర చెబుతుంది గానీ పేరు చెప్పదు. అక్కడ ఒక చోటైనా పేరు రాసి, ఆ పేజీ మళ్ళీ పంపు.

ఆశీస్సులతో.