స్థలం అమ్మినవాళ్ల రిటర్న్ వేసే ముందు

చిట్టీ,

తణుకులో ఇంటి దగ్గరే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లు వేసే పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. కానీ రిటర్న్‌లు వేసే సాఫ్ట్‌వేర్‌లో 25 రిటర్న్‌ల ప్లాన్ కొంటున్నావని వినగానే టెన్షన్ మొదలైంది.

25 అంటే 25 ఇళ్లు కాదమ్మా. భార్యాభర్తలకు ఒక్కొక్కరికీ ఒక పాన్, అంటే రెండు రిటర్న్‌లు. తప్పు దిద్ది మళ్లీ వేసే రివైజ్డ్ రిటర్న్ కూడా లెక్కలోకి వస్తుందా అని కొనకముందే అడుగు.

నా భయమంతా క్యాపిటల్ గెయిన్స్, అంటే ఆస్తి అమ్మితే వచ్చే లాభం గురించే. మన వైపు షేర్లు అమ్మేవాళ్ల కన్నా ఇళ్ల స్థలాలు అమ్మేవాళ్లే ఎక్కువగా వస్తారు. ప్లాన్‌లో ‘క్యాపిటల్ గెయిన్స్ ఉంది’ అని రాసి ఉన్నా, అది షేర్ల స్టేట్‌మెంట్ ఎక్కించుకోవడం వరకేనా, స్థలానికి కూడా పనికొస్తుందా అన్నది చూసుకో.

2018-19లో నర్సాపురం మాస్టారు ఒకాయన కూతురి పెళ్లికని స్థలం 15 లక్షలకు అమ్మారు. 1992లో 40 వేలకు కొన్నది. దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు 1992, 40,000 అని కొట్టాను. సాఫ్ట్‌వేర్ ధరల పెరుగుదలకు వాడే ఆ ఏటి సూచిక 280తో, అంటే 2.8 రెట్లు లెక్కేసి ఖర్చు 1,12,000 అంది. మిగిలిన 13,88,000 మీద 20 శాతం, అంటే 2,77,600 పన్ను. అదనంగా డబ్బు కట్టి నిపుణుడి రివ్యూ కూడా తీసుకున్నాను. సరిపోయిందన్నారు. నేనిచ్చిన అంకెలకు కూడికలు సరిపోయాయి, అంతే.

2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి, ఆ రోజుకున్న విలువనే కొన్న ధరగా తీసుకోవచ్చు. వాల్యూయర్ రిపోర్టు ప్రకారం అది 2 లక్షలు. దాన్ని 2.8తో గుణిస్తే 5,60,000. పన్ను 1,88,000. సెస్సు కలపకుండానే మాస్టారి చేత 89,600 ఎక్కువ కట్టించాను. గడువులోపే గమనించి రివైజ్ చేశాను కాబట్టి రిఫండ్ వచ్చింది. అది వచ్చేదాకా ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నేనే ఆ వీధిలోకి వెళ్లలేకపోయాను.

ఇప్పుడైతే 2001 నాటి సబ్ రిజిస్ట్రార్ విలువ కూడా తెప్పించు. 2020-21 నుంచి ఆ విలువ దొరికితే దాన్ని మించి తీసుకోకూడదు. ఇంకొకటి. 2024 జూలై 23కి ముందు కొన్న స్థలాన్ని ఆ తర్వాత అమ్మితే, సూచికతో 20 శాతం, సూచిక లేకుండా 12.5 శాతం, రెండూ వేసి ఏది తక్కువో చూడాలి. సాఫ్ట్‌వేర్ రెండూ చూపించకపోతే కాగితం మీద నువ్వే వెయ్యి.

రివ్యూ ఉన్న ప్లాన్ తీసుకుంటే దస్తావేజు కాపీ కూడా చూస్తారా అని అడుగు. చూడబోమని వాళ్లంటే, అందరికీ ఆ డబ్బు కట్టడం దండగ. విడిగా ఒక్కో రిటర్న్‌కి రివ్యూ దొరికితే స్థలాల కేసులకే తీసుకో.

ఇంత చెప్పినా వినకుండా తొందరపడతావేమో, నీ సంగతి నాకు తెలియదా! మొదటి స్థలం కేసు సబ్మిట్ నొక్కేముందు నాకు ఫోన్ చెయ్యి తల్లీ. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ మావయ్య,
పాలకొల్లు