చింతపండు గుజ్జు మెషిన్: కడగడం కూడా చూపించండి

"చింతపండు గుజ్జు తీసే చిన్న మెషిన్ చేశాను. ఫండింగ్ పేజీ చాలామంది చూస్తున్నారు, డబ్బు మాత్రం ఎవరూ కట్టట్లేదు. లోపం వీడియోలోనా, రివార్డుల్లోనా?" (ఉప్పల్, హైదరాబాద్)

ముందు వీడియోలోనండీ. మెషిన్ కనబడేసరికే నిమిషం దాటుతోంది, అప్పటికి చూసేవాళ్లు వెళ్లిపోతారు.

1. మొదటి పది సెకన్లలోనే నానబెట్టిన చింతపండు వేసి తిప్పండి. కింద చిక్కటి గుజ్జు పడాలి, పైన పీచూ గింజలూ మిగలాలి. మీ పరిచయం ఆ తర్వాత.

2. చాలామంది వదిలేసేది కడగడం. జల్లెడలో పీచు ఇరుక్కుంటుందేమోనన్నదే కొనేవాళ్ల అసలు అనుమానం. భాగాలు విడదీసి, కుళాయి కింద కడిగి, మళ్లీ బిగించేదాకా కట్ లేకుండా ఒకే షాట్‌లో చూపండి. నిజంగానే పీచు ఇరుక్కుంటుంటే షూటింగ్ ఆపి ముందు జల్లెడ మార్చండి.

3. బేగంబజార్‌లో మామూలు జల్లెడ దొరుకుతుండగా ఇదెందుకు? పేజీలో రాసే కథ ఈ జవాబుతో మొదలవ్వాలి.

4. రివార్డులు మూడు చాలు: ఒక మెషిన్, రెండు మెషిన్లు, స్పేర్ జల్లెడతో ఒకటి. టీషర్టులు తీసేయండి.

ధర ఇలా చూడండి. తయారీ రూ.550, ప్యాకింగ్, కొరియర్ 130, పాడైనవి మార్చడానికి 40 అనుకుంటే మొత్తం 720. రూ.799 పెడితే ఫండింగ్ సైట్ పది శాతం ఫీజులకే నష్టం. జీఎస్టీ 18 శాతం పడితే 1,099 దగ్గర వంద మిగులుతుంది.