ఐదుగురితో థీసిస్ నిలబడుతుందా? ఐపీఏ స్టెప్ బై స్టెప్

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ నర్సింగ్ సెకండియర్. డయాలసిస్ పేషెంట్ల అనుభవం మీద ఐపీఏ చెయ్యి, ఐదుగురు చాలు అన్నారు మా గైడ్. క్లాస్‌మేట్స్ అందరూ వంద శాంపిల్ తీస్తున్నారు. ఐదుగురితో వైవాలో ఏం చెప్పాలి? అసలు స్టెప్స్ ఏంటి, ఇంటర్వ్యూలోంచి థీమ్స్ ఎలా వస్తాయి? తర్వాత పీహెచ్‌డీకి పనికొస్తుందా?

జవాబు: ఐదుగురు సరిపోతారమ్మా, నిజానికి మొదటిసారి చేసేవాళ్ళకి ఐదుగురంటే బోలెడు పని. ఐపీఏ అంటే ఇంటర్‌ప్రెటేటివ్ ఫినామినాలజికల్ అనాలిసిస్, కొద్దిమందితో లోతుగా మాట్లాడి వాళ్ళ అనుభవాన్ని అర్థం చేసుకునే పద్ధతి. దీన్ని మొదలుపెట్టింది జొనాథన్ స్మిత్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్, 1996లో ఒక పేపర్‌తో. తర్వాత ఫ్లవర్స్, లార్కిన్‌లతో కలిసి 2009లో పుస్తకం రాశాడు, అందులో మాస్టర్స్ స్టూడెంట్‌కి ముగ్గురు చాలనే చెప్పారు. ఎందుకంటే ఇక్కడ నువ్వు డయాలసిస్ పేషెంట్లలో ఎంతమందికి డిప్రెషన్ ఉంది అని లెక్క తీయట్లేదు, ఒక మనిషికి ఒక పెద్ద విషయం జరిగితే ఆ మనిషి దానికి ఏం అర్థం చెప్పుకుంటున్నాడు అన్నది చూస్తున్నావు. ఆయన తన బతుకుని అర్థం చేసుకునే ప్రయత్నంలో ఉంటాడు, ఆ ప్రయత్నాన్ని నువ్వు అర్థం చేసుకుంటావు, దీన్నే డబుల్ హెర్మెన్యూటిక్ అంటారు. ఇది వందమందితో కుదరదు.

కానీ ఐదుగురే కాబట్టి ఆ ఐదుగురూ ఒకే బాపతు వాళ్ళై ఉండాలి. పదిహేడేళ్ళ కుర్రాడు, డెబ్భై ఏళ్ళ పెద్దావిడ, నిన్న మొన్న డయాలసిస్ మొదలైనవాళ్ళు, పదేళ్ళుగా చేయించుకుంటున్నవాళ్ళు, అందరినీ కలిపేస్తే చివర్లో తేడాలు దేనివల్ల వచ్చాయో నీకే తెలీదు. ఉదాహరణకి ముప్ఫై నుంచి నలభై ఏళ్ళ లోపు మగవాళ్ళు, ఇంటికి సంపాదించిపెట్టేవాళ్ళు, ఆస్పత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవడం మొదలై ఒకటి నుంచి మూడేళ్ళ మధ్య అయినవాళ్ళు అని గీత గీసుకో. ప్రశ్న కూడా దానికి తగ్గట్టే, "సంపాదించే మగవాళ్ళు డయాలసిస్ మొదలయ్యాక తమని తాము ఎలా చూసుకుంటున్నారు" అని. "డయాలసిస్ పేషెంట్ల జీవన నాణ్యతని ప్రభావితం చేసే అంశాలు" అని టైటిల్ పెట్టావంటే అది ఐపీఏ ప్రశ్న కాదు, దానికి సర్వేనే కరెక్ట్.

ఇంటర్వ్యూకి ఆరు నుంచి పది ఓపెన్ ప్రశ్నలు రాసుకో, గంట గంటన్నర పడుతుంది. ఎథిక్స్ కమిటీ పర్మిషన్ వచ్చాకే మొదలుపెట్టాలి, అది నీకు తెలిసిందే. ఇక నర్సువి కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తాను, నువ్వు డ్యూటీ చేసే యూనిట్ పేషెంట్లని తీసుకోకు. రేపు సూది గుచ్చేది నువ్వే అయినప్పుడు ఆయన "బాగానే చూసుకుంటున్నరు సిస్టర్" అనే అంటాడు, ఇంకేం అంటాడు చెప్పు. అలాగే మెషీన్ మీద ఉన్నప్పుడు కూర్చుని మాట్లాడితే టైమ్ కలిసొస్తుంది అనిపిస్తుంది కానీ పక్క బెడ్ వాళ్ళు వింటుంటారు, మధ్యలో అలారం మోగుతుంది. అయిపోయాక ఆయనకి మాట్లాడే ఓపిక ఉండదు. డయాలసిస్ లేని రోజు, ఆయన చెప్పిన చోట, ఇంట్లో అయినా పర్లేదు.

ఇప్పుడు అసలు పని. రికార్డింగ్‌ని ఆయన మాట్లాడిన తెలుగులోనే ఉన్నదున్నట్టు టైప్ చెయ్యి, ఆగింది, నవ్వింది, దగ్గింది కూడా రాయి. ఇంగ్లీష్‌లోకి మార్చి అనాలిసిస్ చేయొద్దు, థీసిస్‌లో పెట్టే కోట్స్ మాత్రం చివర్లో మార్చు, పక్కన తెలుగు కూడా ఉంచు. ఎందుకో ఈ ముక్క చూస్తే తెలుస్తుంది. ఇది నేను నీకు చూపించడానికి అల్లిన ఉదాహరణ, ఉప్పల్ వైపు ఆటో నడిపే ముప్ఫై రెండేళ్ళ మనిషి, పేరు రాజు అనుకో:

"డయాలసిస్ ఉన్న రోజు కుర్చీల కూసోబెడ్తరు, నాలుగు గంటలు. ఇంటికొచ్చినంక ఇగ మనకేం చాతకాదు, పండుకునుడే. మర్నాడు మాత్రం నేను ఆటో తీస్తా. గంటో రెండు గంటలో తిప్పుతా. పైసల కోసం కాదు మేడం... బిడ్డ సూస్తది గద."

మొదటి స్టెప్ చదవడం. ఆడియో వింటూ ఒకసారి, వినకుండా రెండు మూడు సార్లు, పెన్ను ముట్టుకోకుండా. రెండోది నోట్స్. పేజీ మధ్యలో ట్రాన్స్‌క్రిప్ట్, రెండు వైపులా వెడల్పు మార్జిన్ వదిలి ప్రింట్ తీసుకో, కుడి మార్జిన్‌లో తోచిందల్లా రాయి. నోట్స్ మూడు రకాలు. ఆయన ఏం చెప్పాడు అన్నది ఒకటి: నాలుగు గంటలు, నీరసం, మర్నాడు కాసేపు ఆటో. ఎలా చెప్పాడు అన్నది రెండోది, మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేది ఇదే. "కూసోబెడ్తరు" అంటున్నాడు, అంటే చేసేది వేరేవాళ్ళు, వాళ్ళెవరో కూడా చెప్పట్లేదు. "మనకేం చాతకాదు" దగ్గర "నేను" లేదు. ఆటో దగ్గరికి రాగానే "నేను ఆటో తీస్తా" అని "నేను" వచ్చింది. "పైసల కోసం కాదు" అన్నాడు, నువ్వు పైసల గురించి అడగనే లేదు, ఆ తర్వాత ఆగాడు. ఇంగ్లీష్‌లో "దే" అనీ "వీ" అనీ పెట్టేసుంటే ఇందులో సగం పోయేది. మూడోది నీ ఆలోచన, ప్రశ్నల రూపంలో: ఆటో తీయడం ఎవరి కోసం? బిడ్డ చూడకపోతే తీస్తాడా? పడుకుని ఉన్న నాన్నని బిడ్డ చూడటం ఆయనకి ఎందుకు అంత కష్టం?

మూడో స్టెప్ దగ్గరే చాలా థీసిస్‌లు దారి తప్పుతాయి. ఆ నోట్స్‌ని కుదించి ఎడమ మార్జిన్‌లో ఒక వాక్యం రాయాలి, దాన్ని ఎక్స్‌పీరియెన్షియల్ స్టేట్‌మెంట్ అంటారు. పాత పేపర్లలో ఎమర్జెంట్ థీమ్ అని ఉంటుంది, స్మిత్ వాళ్ళే తర్వాతి ఎడిషన్‌లో పేరు మార్చారు, థీమ్స్ వాటంతటవి బయటికి రావు, మనమే కట్టాలి కాబట్టి. ఇక్కడ "అలసట" అనో "ఆర్థిక ఇబ్బందులు" అనో రాశావంటే అయిపోయింది, అది టాపిక్ పేరే గానీ అనుభవం కాదు. పైగా రెండోది తప్పు కూడా, పైసల కోసం కాదని ఆయనే అన్నాడు కదా. "డయాలసిస్ రోజు వేరేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిన తనని, మర్నాడు ఆటో తీసి బిడ్డ కళ్ళ ముందు మళ్ళీ తెచ్చుకోవడం" అని రాస్తే అది స్టేట్‌మెంట్. పరీక్ష సింపుల్, ట్రాన్స్‌క్రిప్ట్ మూసేసి ఆ వాక్యం ఒక్కటే చదువు, రాజు కనిపించాలి. ఏ డయాలసిస్ పేషెంట్‌కైనా అతికిపోయేలా ఉంటే మళ్ళీ రాయి.

అలాగే నీకు నచ్చిన అర్థానికి ఎదురొచ్చే మాటల్ని దాచేయకు. నాలుగు పేజీల తర్వాత రాజు "పైసల్ లేకుంటే ఇల్లెట్ల గడుస్తది" అన్నాడనుకో, అప్పుడు పైది తప్పయినట్టు కాదు. డబ్బు కావాలి, కానీ డబ్బు కోసమే బండి తీస్తున్నానని ఒప్పుకోవడం ఆయనకి కష్టం. ఆ రెండూ కలిపి చెప్తేనే అనాలిసిస్.

ఒక ఇంటర్వ్యూలో ఇలాంటివి పదుల్లో వస్తాయి. నాలుగో స్టెప్‌లో వాటిని చీటీలుగా కత్తిరించి నేల మీద పరుచుకుని ఏవి ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో చూస్తూ జరుపు, ఇంటర్వ్యూలో వచ్చిన వరసని మర్చిపో. గుంపులు పడ్డాక ఐదో స్టెప్, ఒక్కో గుంపుకి పేరు, ఇవి పర్సనల్ ఎక్స్‌పీరియెన్షియల్ థీమ్స్. ఒక మనిషికి మూడు నుంచి ఐదు ఉంటే బాగుంటుంది. ప్రతి థీమ్ కింద పేజీ నంబరు, ఆయన మాట రాసి టేబుల్ చేసుకో. ఏ గుంపులోనూ పడని చీటీలు ఉంటాయి, పక్కన పెట్టు, పారేయకు.

ఆరో స్టెప్ ఇదంతా రెండో మనిషికి మళ్ళీ మొదటి నుంచి. రాజు థీమ్స్‌ని తీసుకెళ్ళి వాళ్ళకి అంటించకూడదు, ఒక్కొక్కరినీ విడిగా పూర్తి చేశాకే ఏడో స్టెప్‌లో ఐదు టేబుల్స్ పక్కపక్కన పెట్టి గ్రూప్ ఎక్స్‌పీరియెన్షియల్ థీమ్స్ కట్టాలి. ఐదుగురిలో ఇంకొకాయన డయాలసిస్ మొదలయ్యాక అకౌంట్స్ ఉద్యోగం మానేశాడనుకో, ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటాడు, చేతి మీద డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా పిల్లలకి కనిపించకూడదని. రాజు చూపిస్తున్నాడు, ఈయన దాస్తున్నాడు, పైకి చూస్తే రెండూ ఎదురెదురు. కానీ ఇద్దరికీ పిల్లల చూపే ముఖ్యం, "పిల్లల కళ్ళలో నాన్నగా మిగలడం" అనే గ్రూప్ థీమ్ ఇద్దరినీ పట్టుకుంటుంది, లోపల ఎవరి దారి వాళ్ళదిగానే ఉంటుంది. అందరూ ఒకటే అన్నారు అని రాస్తే ఐపీఏ కాదు, మామూలు థీమాటిక్ అనాలిసిస్ అవుతుంది. అది చెడ్డ పద్ధతేం కాదు, కానీ నీ టైటిల్‌లో ఐపీఏ అని ఉంది కదా.

టైమ్ సంగతి కూడా అనుకో, గంట ఆడియో టైప్ చేయడానికే ఐదారు గంటలు పోతాయి, ఒక్కో మనిషి అనాలిసిస్‌కి వారం రెండు వారాలు పెట్టుకో. ఐదుగురి ఇంటర్వ్యూలూ అయ్యాకే మొదలుపెడదాం అనుకుంటే సబ్మిషన్ దగ్గర ఇరుక్కుంటావు.

వైవాలో శాంపిల్ సైజ్ ఫార్ములా అడుగుతారు. సిగ్గుపడకుండా చెప్పు, ఇది ఇడియోగ్రాఫిక్ స్టడీ, ఒక్కో కేసు లోతు ముఖ్యం, లెక్క జనాభాకి వర్తించదు, నేను వర్తింపజేయట్లేదు కూడా అని. సాచ్యురేషన్ వచ్చింది, అంటే కొత్త విషయాలు రావడం ఆగిపోయింది కాబట్టి ఐదుగురితో ఆపాను అని మాత్రం అనకు, అది గ్రౌండెడ్ థియరీ అనే వేరే పద్ధతి మాట, ఇక్కడ వాడితే తెలిసిన ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటారు. ఐదుగురిలో అరవై శాతం లాంటి పర్సంటేజీలు కూడా వద్దు. నీకు బలం ఇచ్చేది ఇంకొకటి ఉంది, 2011లో స్మిత్ ఐపీఏ పేపర్లని ఎలా తూకం వేయాలో రాశాడు, నాలుగు నుంచి ఎనిమిది మంది ఉన్న స్టడీలో ప్రతి థీమ్‌కీ కనీసం ముగ్గురి మాటలు చూపించాలని. నీ ప్రతి గ్రూప్ థీమ్‌ని దాంతో చెక్ చేసుకో, ఇద్దరి మాటలే ఉంటే ఆ థీమ్‌ని మళ్ళీ చూడాలి. మార్జిన్ నోట్స్ ఉన్న ఒరిజినల్ కాగితాలు పేషెంట్ పేర్లు తీసేసి ఫైల్ చేసి పట్టుకెళ్ళు, వాక్యం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో అడిగితే వేలు పెట్టి చూపించొచ్చు.

పీహెచ్‌డీకి తప్పకుండా పనికొస్తుంది. మన ఊళ్ళోనే హైదరాబాద్ యూనివర్సిటీలో సెంటర్ ఫర్ హెల్త్ సైకాలజీ ఉంది, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అదే టిస్ క్యాంపస్ ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అదే ఐఐపీహెచ్ ఉంది, ఎవరు క్వాలిటేటివ్ పని గైడ్ చేస్తున్నారో వాళ్ళ పబ్లికేషన్స్ చూసి మెయిల్ చెయ్యి, ఒక కేసు అనాలిసిస్ నాలుగు పేజీలు జతచేసి. కానీ ఉద్యోగం కావాలంటే ఐపీఏ ఒక్కటే నేర్చుకుని ఆగిపోకు. ఎన్జీవోలు, హెల్త్ ప్రాజెక్టులు ముప్ఫై నలభై ఇంటర్వ్యూలు కొద్ది వారాల్లో తేల్చమంటాయి, అక్కడ థీమాటిక్ అనాలిసిస్, ఫ్రేమ్‌వర్క్ మెథడ్ నడుస్తాయి, ఐపీఏకి టైమ్ ఇవ్వరు. థీసిస్ సబ్మిట్ చేశాక ఆ రెండిట్లో ఒకటైనా నేర్చుకో, ఇప్పుడు మాత్రం కలపొద్దు.