సోఫా ఆర్డర్ పెట్టేముందు

చిట్టీ,

సొంత ఇంట్లోకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత పొంగిపోయానో! మరుక్షణమే, ఆదివారం సోఫా, టీపాయ్, తెల్ల షెల్ఫులు అన్నీ ఒకేసారి ఆర్డర్ పెడుతున్నావని కూడా చెప్పింది. అప్పటినుంచి నాకు టెన్షన్.

గదులు కొలుచుకో, ఎండ ఎటునుంచి పడుతుందో చూసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు. నా భయమల్లా మీ చిన్నత్త విషయం గుర్తొచ్చి.

చిన్నత్త ఫోటోల్లో మినిమల్ ఇళ్ళు, అంటే తక్కువ సామానుతో ఖాళీగా కనిపించే ఇళ్ళు, చూసి మనసు పారేసుకుంది. పాత బీరువా, పుస్తకాల అలమర ఎవరికో ఇచ్చేసి తెల్ల సోఫా, సన్నకాళ్ళ బల్ల, తలుపుల్లేని రెండు అరలు తెచ్చుకుంది. నెల తిరక్కుండానే కుట్టుపని గుడ్డలు, పిల్లల పుస్తకాలు, మందులు, చార్జర్లు బల్ల మీదికి చేరాయి. అక్కడ చోటు చాలక సోఫా మీదికీ ఎక్కాయి. పొద్దున సర్దడం, సాయంత్రం విసుక్కోవడం. "నా ఇంట్లో నేనే అడ్డంగా ఉన్నట్టుంది వదినా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాపం, ఆమె బద్ధకస్తురాలేం కాదు. మినిమల్ ఇంట్లోనూ సామాను ఉంటుంది, కాకపోతే తలుపుల వెనక ఉంటుంది. ఆ తలుపుల్ని ఎవరూ తెరిచి ఫోటో తీయరు. చివరికి తలుపులున్న అల్మరా మళ్ళీ కొన్నాకే ఆ గది కుదుటపడింది.

అందుకని, ఇప్పుడుంటున్న గదిని ఓ వారంపాటు రోజూ రాత్రి సర్దకుండా ఫోటో తీయి. ఏ వస్తువు ఎక్కడ పేరుకుంటుందో తెలుస్తుంది. ఒక బల్ల పూర్తిగా ఖాళీ చేసి చూడు. రెండు రోజుల్లో నిండిపోతే, మూసిన అరలు లేకుండా మినిమల్ జోలికి పోకు.

తర్వాత నచ్చిన గదుల బొమ్మలు ఓ ముప్పై దాచుకో. పది రోజులాగి చూసి, అప్పటికీ నచ్చినవే ఉంచు. ఒక్కోదాన్నీ చూస్తూ, నీకు నచ్చింది సామానా, పెద్ద కిటికీలోంచి వచ్చే వెలుగా అని నిన్ను నువ్వే అడుగు. వెలుగైతే ఆ బొమ్మ తీసెయ్. మిగిలినవాటిలో పదేపదే కనిపించేదే నీ అభిరుచి.

చెక్కడాలున్న ముదురు చెక్క, జతలుజతలుగా పెట్టిన కుర్చీలు కనిపిస్తే నీది సంప్రదాయ పద్ధతి. ఆ బరువైన సామాను చుట్టూ ఖాళీ ఉండాలి. వెలుతురు తక్కువున్న చిన్న గదికి అలాంటిది ఒక్కటి చాలు.

నాకు మాత్రం నీది పాతా కొత్తా కలిపే ఎక్లెక్టిక్ పద్ధతి అనే అనిపిస్తోంది. చిన్నప్పుడు విరిగిన బొమ్మ కూడా పారేయనిచ్చేదానివి కాదు, బంగారుతల్లివి. అలా కలిపేవాళ్ళకి ఒక్క కట్టుబాటు ఉండాలి: ఒకే రంగో, ఒకే చెక్క ఛాయో గదిలో కనీసం మూడుచోట్ల కనిపించాలి. అది లేకపోతే గది గోడౌన్‌లా ఉంటుంది. ముందు నీ దగ్గరున్నవన్నీ ఒకచోట పెట్టి, ఆ రంగేదో వెతుకు.

ఆదివారం ఆర్డర్ మాత్రం ఆపు. రాత్రి తీసిన ఫోటోలు నాకు పంపు, సర్దకుండానే సుమా.

నీ పెద్దమ్మ