ఫ్రిజ్‌కు ఏఎంసీ: గ్యాస్ సంగతి తేల్చుకున్నాకే డబ్బు

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఆరేళ్ళ క్రితం విజయనగరంలో డబుల్ డోర్ ఫ్రిజ్ కొన్నాము. కంప్రెసర్‌కు పదేళ్ళ వారంటీ ఉంది. నిరుడు గ్యాస్ పోతే 3,200 రూపాయలు ఖర్చయింది. ఇప్పుడు విశాఖపట్నం సర్వీసు సెంటరు వాళ్ళు ఫోను చేసి, 3,500 రూపాయలు, ఆపైన జీఎస్టీ కట్టి ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం, తీసుకుంటే ఏడాదంతా అన్నీ ఫ్రీ అంటున్నారు. కట్టవచ్చా? ముందుగా ఏమి అడగాలి? మా ఆవిడ ఇంటి ముందు గదిలో పాల ప్యాకెట్లు అమ్ముతుంది, అవి కూడా ఈ ఫ్రిజ్‌లోనే పెడతాము.

జవాబు: పద్దెనిమిది శాతం జీఎస్టీతో కలిపితే మీరు కట్టవలసింది 4,130 రూపాయలు. ఫోనులో "అన్నీ" అన్న మాటకు విలువ లేదు. ఒప్పంద పత్రంలో ఏది రాసి ఉంటే అదే "అన్నీ". అందువల్ల మొదట అడగవలసింది, ఇది విడిభాగాలతో కలిపిన ఒప్పందమా, లేక కేవలం పనికూలికి మాత్రమేనా అని. రెండో రకంలో మెకానిక్ వచ్చి చూసినందుకు, బిగించినందుకు డబ్బు తీసుకోరు గాని మార్చిన ప్రతి వస్తువుకూ బిల్లు వేస్తారు. మొదటి రకంలో కూడా తలుపు రబ్బరు, ప్లాస్టిక్ ట్రేలు, గాజు అరలు, బల్బు, బాడీ తుప్పు వంటివి సాధారణంగా మినహాయింపుల్లో ఉంటాయి. వోల్టేజీ హెచ్చుతగ్గులు, పిడుగు, ఎలుకలు వైర్లు కొరకడం వల్ల కలిగిన నష్టం కూడా అంతే. వీటిని గురించి నేను పెద్దగా పేచీ పెట్టుకోమనను.

పేచీ వచ్చేదల్లా గ్యాస్ దగ్గర. నేను మెకానిక్‌ను కాను, కానీ ఇటువంటి తగాదాల కాగితాలు చదివి చదివి ఈ పాటి తెలిసింది: ఫ్రిజ్‌లోని గ్యాస్ పెట్రోలులాగా వాడకంతో తరిగేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదన్న మాట. కారే చోటును పట్టుకోకుండా, ఫిల్టరు మార్చకుండా గ్యాస్ మాత్రం నింపి వెళితే అది మళ్ళీ పోతుంది. నిరుడు మీకు అయిన 3,200 రూపాయల బిల్లు బయటికి తీసి చూడండి. అందులో లీకు అతికిన పని, ఫిల్టరు మార్చిన పని రాసి లేకపోతే మీ ఫ్రిజ్‌లో పాత జబ్బు మిగిలే ఉండవచ్చు. కంప్రెసర్ ఆగకుండా నడుస్తున్నా ఫ్రీజరు సరిగా గడ్డకట్టకపోవడం, మామూలుగా వెచ్చగా తగిలే పక్క గోడలు చల్లబడిపోవడం అందుకు గుర్తులు. కంప్రెసర్ పట్టు తగ్గినా ఇవే కనిపిస్తాయి కనుక, ఏది కారణమో మెకానిక్ చేత పత్రం మీద రాయించుకోవాలి.

ఇక మీ పదేళ్ళ వారంటీ సంగతి. అటువంటి వారంటీ సాధారణంగా కంప్రెసర్ అనే ఒక్క వస్తువుకే వర్తిస్తుంది. ఏఎంసీ కట్టిన నాలుగో నెలలో మీ కంప్రెసర్ చెడిందనుకోండి. కొత్తది వారంటీ కింద ఉచితంగానే వస్తుంది, కానీ దాన్ని మార్చాలంటే పాత గ్యాస్ తీసేసి, గొట్టాలు కోసి, అతికి, ఫిల్టరు వేసి, మళ్ళీ గ్యాస్ నింపాలి. ఆ గ్యాసూ ఫిల్టరూ కూలీ రవాణా వారంటీ బయట ఉంటాయి. ఏఎంసీ మీకు నిజంగా ఉపయోగపడవలసింది అక్కడే. అందులో గ్యాస్ లేకపోతే వారంటీలో ఉన్నదాన్నే మీరు మరోసారి కొనుక్కున్నట్టు అవుతుంది. కాబట్టి ఈ ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: "గ్యాస్ నింపడం, లీకు అతకడం, ఫిల్టరు ఈ ఒప్పందంలో ఉన్నాయా, ఏడాదికి ఎన్నిసార్లు?" దానికి తోడు మరొకటి: "గొట్టం బాడీ లోపల, ఫోము వెనక లీకైతే ఏం చేస్తారు?" దాన్ని బాగుచేయడం చాలాసార్లు కుదరదు కనుక పలు ఒప్పందాలు దాన్ని మినహాయిస్తాయి. ఈ రెండింటికీ కాదని జవాబు వస్తే, ఒకసారి గ్యాస్ పోయిన ఆరేళ్ళ ఫ్రిజ్ మీద 4,130 రూపాయలు కట్టవద్దనే నా సలహా.

ఒప్పందం ఏ తేదీ నుంచి అమలవుతుందో కూడా చూడండి. కొన్ని సంస్థలు డబ్బు అందిన 15 లేదా 30 రోజుల తరువాతే బాధ్యత తీసుకుంటాయి, అంతకు ముందే ఉన్న లోపాన్ని మీ ఖర్చుతో బాగుచేయించమంటాయి. అందుకని ముందు మెకానిక్‌ను పంపించి, ఫ్రిజ్ చూసి, "పనిచేస్తున్నది" అని జాబ్ షీటు మీద సంతకం చేయమనండి. ఆ కాగితం చేతిలో ఉంటే "ఇది పాత లోపం" అనే మాట తరువాత అంత తేలికగా చెల్లదు.

గుణుపురం వారిగా మీరు అడగవలసింది ఇంకొకటి ఉంది. విశాఖ సెంటరు మన వైపు వచ్చి సేవ చేస్తుందా, పిలిచిన ఎన్ని రోజుల్లో వస్తుంది, దూరప్రయాణ ఛార్జీ, ఫ్రిజ్‌ను సెంటరుకు తీసుకువెళ్ళే రవాణా ఖర్చు ఎవరిది? ఒప్పందం ఇంగ్లీషులో, మెకానిక్ మాట ఒడియాలో, మన లెక్క తెలుగులో సాగే చోట ఇవి నోటిమాటగా వదిలేయకూడదు. ఈమెయిల్‌లో గాని వాట్సాప్‌లో గాని జవాబు తెప్పించుకుని, పూర్తి షరతుల ప్రతి చదివాకే సంస్థ ఖాతాకు డబ్బు కట్టి జీఎస్టీ బిల్లు తీసుకోండి. మెకానిక్ సొంత నంబరుకు పంపవద్దు.

పాల ప్యాకెట్ల విషయం దాచవద్దు. ఇంటి ఫ్రిజ్‌ను వ్యాపారానికి వాడితే ఒప్పందం చెల్లదనే షరతు తరచుగా ఉంటుంది. ఉంటే, మీ వాడకాన్ని తెలిపి వారి సమ్మతి రాయించుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కూడా వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని వినియోగదారుగా లెక్కించదు. అయితే కేవలం స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి వాడుకునే వారికి సెక్షన్ 2(7) వివరణలో మినహాయింపు ఉంది. ఇంటి అవసరమే ప్రధానమై, పక్కన నాలుగు ప్యాకెట్లు పెట్టుకునే మీ వాదన బలంగానే ఉంటుంది.

డబ్బు కట్టాక సేవ చేయకపోతే ముందు ఫిర్యాదు నంబరు, తేదీ రాసిపెట్టుకుని, పదిహేను రోజుల గడువుతో లిఖితపూర్వక నోటీసు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోను చేయవచ్చు. తేలకపోతే "సేవాలోపం" కింద రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. ఫ్రిజ్ విజయనగరంలో కొన్నా, ఒప్పందం విశాఖ నుంచి వచ్చినా, ఫిర్యాదీ నివసించే చోట వేసే వీలు సెక్షన్ 34 ఇస్తుంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కనుక రుసుము ఉండదు. న్యాయవాదిని పెట్టుకోవలసిన నిర్బంధమూ లేదు. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఫిర్యాదులో "ఈ షరతే అన్యాయమైన ఒప్పందం" అని దాని మీదనే నడిపితే విచారణ కటక్‌లోని రాష్ట్ర కమిషన్‌కు పోతుంది. ఒప్పుకున్న సేవ చేయలేదని రాస్తే రాయగడలోనే ఉంటుంది. ఫిర్యాదుకు గడువు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ళు.