వయసు 19 అని రాయిస్తే పిల్లకి నష్టమే

ప్రశ్న: లాయరు గారూ, మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా అక్క కూతురికి 16 ఏళ్లు నిండి ఐదు నెలలైంది. పోయిన ఏడు పాతపట్నం వైపు అబ్బాయికిచ్చి గుళ్లో పెళ్లి చేసేశారు. అతనికి 20. ఇప్పుడు పిల్లకి ఐదో నెల. బిడ్డను కంటానంటోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే కేసవుతుందని అక్క ఇంతవరకు కార్డు కూడా చేయించలేదు. వయసు 19 అని రాయించేస్తే సరిపోతుందని ఒకాయన అంటున్నాడు. పిల్ల పాలిపోయింది, ఎవరితోనూ మాట్లాడటం లేదు. మేమేం చెయ్యాలి? - ఒక పిన్ని, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ఈ వారంలోనే పిల్లను ఆసుపత్రిలో చూపించండి. తక్కువ వయసని వైద్యం ఆపే అధికారం ఎవరికీ లేదు. చట్టం దృష్టిలో ఆ పిల్ల బాధితురాలు, ముద్దాయి కాదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా ఇలాంటి బాధితురాలికి వెంటనే, ఉచితంగా వైద్యం చెయ్యాలి. చెయ్యకపోతే భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద ఆసుపత్రి బాధ్యులకు ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. అత్యవసర వైద్యానికి ఎఫ్ఐఆర్ కాపీ గానీ కోర్టు కాగితం గానీ అడగకూడదని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద వచ్చిన 2020 నాటి నియమాల్లో ఆరో నియమం చెబుతోంది. "ముందు స్టేషనుకెళ్లి రండి" అని ఎవరైనా అంటే ఈ నియమం పేరు చెప్పండి.

రెండో సంగతి మీకు కష్టంగా ఉంటుంది, అయినా దాచను. కేసు తప్పదు. 18 ఏళ్లు నిండని పిల్ల ఇష్టపడిందన్నా, పెళ్లయిందన్నా పోక్సో చట్టం ఒప్పుకోదు. భార్య 18 ఏళ్లలోపు అయితే భర్తకైనా మినహాయింపు లేదని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తేల్చింది. ఇప్పుడు న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనూ అలాగే ఉంది. గర్భం వచ్చిందంటే నేరం ఇంకా తీవ్రమైన తరగతిలోకి వెళ్తుంది, రుజువైతే కనీస శిక్ష 20 ఏళ్లు. అబ్బాయికి 18 దాటాయి కాబట్టి బాల్య వివాహ నిషేధ చట్టం అతనికీ వర్తిస్తుంది, పెళ్లి చేసిన పెద్దలకూ వర్తిస్తుంది. పెళ్లి చేయించిన తల్లిదండ్రులకు, సంరక్షకులకు వర్తించే ఆ చట్టం 11వ సెక్షన్ కింద ఆడవాళ్లకు జైలు శిక్ష లేదు, జరిమానా ఉంటుంది. సంగతి తెలిసిన డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ మాటకొస్తే ఇప్పుడు మీకూ తెలుసు కాబట్టి మీ మీదా అదే బాధ్యత ఉంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ పడవచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద మాత్రం ఏ కేసూ పెట్టడానికి వీల్లేదు. ఊరి పెద్దల మధ్య రాజీ చేసుకున్నంత మాత్రాన ఈ కేసు పోదు. బెయిలు సంగతి, పిల్ల మాటకు కోర్టు ఇచ్చే విలువ సంగతి అబ్బాయి తరఫు లాయరు చూసుకోవాల్సినవి.

ఇక ఆ ఒకాయన చెప్పే ఉపాయం చూద్దాం. వయసు 19 అని రాయగానే పిల్ల మామూలు గర్భిణుల లెక్కలోకి వెళ్లిపోతుంది. 16 అని రాస్తే డాక్టరు ఆమెను ప్రమాదం ఎక్కువున్న గర్భిణిగా గుర్తించి కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటించాలి. ఎందుకంటే ఈ వయసులో కటి ఎముకలు పూర్తిగా ఎదగవు, కాన్పు మధ్యలో ఆగిపోవచ్చు. బీపీ పెరిగి మూర్ఛలొచ్చే ప్రమాదం ఎక్కువ. పిల్ల ఒళ్లు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి తినేది తన ఎదుగుదలకూ బిడ్డకూ రెండింటికీ సరిపోవాలి. అందుకే రక్తం త్వరగా తగ్గుతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. 19 అని రాసిన కార్డు చూసిన నర్సు దగ్గర్లోని చిన్న కేంద్రంలోనే కాన్పుకు సరేనంటుంది. ఆపరేషను, రక్తం ఎక్కించే వసతి లేనిచోట నొప్పులు ఆగిపోతే అప్పుడు బండి కోసం పరుగెత్తాలి.

చట్టం వైపు నుంచీ ఆ అబద్ధం నిలవదు. వయసు తేల్చడానికి ముందుగా చూసేది బడి వాళ్లిచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. బాల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో ఈ వరస ఉంది. మీ పిల్ల బడికెళ్లి ఉంటే ఆ రిజిస్టరులో తేదీ ఉంటుంది. రేపు బిడ్డ జనన నమోదుకో ఆధార్‌కో వెళ్లినప్పుడు తేడా బయటపడుతుంది. అప్పుడు ఆ తప్పు వయసు చెప్పినవాళ్లు, రాయించినవాళ్లు తెలిసీ దాచారనడానికి ఆ కార్డే సాక్ష్యం.

కాబట్టి కేసు ఎప్పుడు ఎలా మొదలవ్వాలో మీరే ఎంచుకోండి. కాన్పు రోజు అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి పోలీసులకు ఫోను వెళ్లేదాకా ఆగకండి. ముందుగా పర్లాకిమిడిలోని జిల్లా న్యాయ సేవా సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చెయ్యండి. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత లాయరును ఇస్తారు. ఆ లాయరును వెంటబెట్టుకుని మీరే పోలీసులకు సమాచారం ఇవ్వండి. సంసారం పాతపట్నంలో జరిగింది కదా, ఒడిశాలో తీసుకోరేమో అని సందేహపడొద్దు. పరిధి ఏదైనా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, తర్వాత వాళ్లే సంబంధిత స్టేషనుకు పంపుతారు. దారి తెలియకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసినా కదలిక మొదలవుతుంది.

పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గర గానీ ఆమె కోరిన చోట గానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు. మన సరిహద్దు ఊళ్లలో ఎక్కువగా దెబ్బతినేది భాష దగ్గరే. పిల్ల తెలుగులో చెబుతుంది, కాగితం ఒడియాలో తయారవుతుంది. పిల్లకు అర్థంకాని భాషలో రాస్తుంటే దుబాసీని ఇవ్వాలని పోక్సో 19వ సెక్షన్ చెబుతోంది. జిల్లా బాలల సంరక్షణ విభాగం దగ్గర దుబాసీల పేర్ల రిజిస్టరు ఉండాలి. చదివి తెలుగులో వినిపించేదాకా పిల్ల చేత సంతకం పెట్టించొద్దు. ఏం చెప్పాలో మీరు నేర్పొద్దు కూడా, జరిగింది జరిగినట్టు చెప్పనివ్వండి.

పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో ఆ కమిటీ మూడు రోజుల్లో తేలుస్తుంది. అత్తవారింట్లో ఉంచడానికి ఒప్పుకోకపోవచ్చు, పెళ్లి చేసిన తల్లిదండ్రుల విషయంలోనూ అనుమానపడవచ్చు. అందుకే పిల్ల మీ దగ్గర ఉండటానికి ఇష్టపడితే, మీరు చూసుకోగలిగితే, ముందే ఒక దరఖాస్తు రాసి పెట్టుకోండి. మీ ఇంటి చిరునామా, ఆసుపత్రి ఎంత దూరం, వైద్యానికి ఎవరు తీసుకెళ్తారు అన్నవి అందులో ఉండాలి. అది లేకపోతే పిల్లను ఆశ్రమానికి పంపే అవకాశముంది. అదే దరఖాస్తులో మరో రెండు అడగండి: కేసు పొడుగునా తోడుండే సహాయక వ్యక్తిని నియమించమని, పోక్సో ఎనిమిదో నియమం కింద తిండికి, ప్రయాణాలకు తక్షణ సాయం సిఫారసు చెయ్యమని. సిఫారసు అందిన వారంలోగా ఆ డబ్బు ఇవ్వాలి.

ఆసుపత్రిలో మొదటి రోజు బరువు, ఎత్తు, బీపీ, మూత్రం, రక్తం పరీక్షలు చేయించండి. నెలలు కచ్చితంగా తెలియడానికి స్కానింగు కావాలి. సికిల్ సెల్ పరీక్ష కూడా అడగండి, ఈ ప్రాంతంలో అది అవసరం. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలుంటాయి, ఆ రోజు వదులుకోవద్దు. ఉదాహరణకు పిల్లకు హిమోగ్లోబిన్ 8.2 వచ్చిందనుకుందాం. అది మధ్యస్థాయి రక్తహీనత. ఐరన్ గోళీలు రోజుకు ఒకటి కాదు, రెండు వేయిస్తారు. నెల తర్వాత మళ్లీ చూస్తే కనీసం ఒక గ్రాము పెరిగి 9.2 కావాలి. కాకపోతే పెద్దాసుపత్రికి పంపాలి. 7 కన్నా తక్కువ ఉంటే ఇంటి దగ్గర గోళీలతో నెట్టుకురాకూడదు.

పెరగకపోవడానికి చాలాసార్లు కారణం పిల్ల గోళీ మింగకపోవడమే. వికారం పుడుతుంది, మలం నల్లగా వస్తుంది, భయపడి మానేస్తారు. నల్లగా రావడం వల్ల హాని లేదు. వికారం ఎక్కువైతే రాత్రి తిన్నాక వేయండి. ఐరన్‌నూ కాల్షియాన్నీ ఒకేసారి ఇవ్వొద్దు, రెండు గంటల ఎడం ఉండాలి. గోళీకి ముందూ వెనకా గంటసేపు టీ వద్దు. చోడంబలి, గుడ్డు, పప్పు, మునగాకు కూర, పైన నిమ్మకాయ పిండుకోవడం, ఇవి మీ ఇంట్లో దొరికేవే. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది కాకుండా పిల్లకు ముందు పెట్టండి.

డబ్బు సంగతీ చెప్పాలి, తప్పుడు వయసు రాయించేది చాలామటుకు దాని కోసమే. ఒడిశా మమతా పథకానికి తల్లికి 19 ఏళ్లు నిండాలి, అది మీ పిల్లకు రాదు. కానీ ఆసుపత్రి కాన్పు, ఆపరేషను, మందులు, పరీక్షలు, రక్తం, తిండి, ఇంటినుంచి తీసుకెళ్లి దింపే బండి అన్నీ జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం, వయసు పట్టింపు లేదు. ఒడిశాలో ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుకు జననీ సురక్షా యోజన డబ్బుకీ వయసు అడ్డు కాదు, పల్లెవాళ్లకు 1,400 రూపాయలు. అంగన్‌వాడీ ఆహారం గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లికీ ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు. ఆశా దీదీకి అసలు వయసే చెప్పి పేరు రాయించండి. కాన్పు మాత్రం ఆపరేషను వసతి ఉన్న జిల్లా ఆసుపత్రిలోనే జరగాలని ఇప్పుడే నిర్ణయించుకోండి. తలనొప్పితో పాటు చూపు మసకబారడం, మొహం వాయడం, రక్తం గానీ ఉమ్మనీరు గానీ పోవడం, కడుపులో కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా రాత్రైనా 108కి ఫోను చెయ్యండి.

పిల్ల మౌనాన్ని బిడియమని తీసేయకండి. అమ్మా అత్తా లేనప్పుడు, తలుపు వేసి, మీరొక్కరే అడగండి: బిడ్డను కంటానన్నది తన మాటేనా, ఎవరైనా అనిపించారా? వద్దనుకుంటే మైనరుకు 20 వారాల దాకా ఒక డాక్టరు, 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావం చట్టబద్ధమే. సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. గర్భస్రావానికి వెళ్లినప్పుడు పిల్లా సంరక్షకులూ కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో పిల్ల పేరును డాక్టరు రాయనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. ఐదో నెల కాబట్టి ఈ ప్రశ్నకు వారాలే మిగిలాయి. నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలిమానస్ 14416కు ఫోను చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు. ఆసుపత్రిలో కౌమార క్లినిక్ కౌన్సిలరును కూడా కలవమనండి. ఆ పెళ్లి తనకొద్దనుకుంటే 20 ఏళ్లు నిండేలోపు జిల్లా కోర్టులో రద్దు కోరవచ్చు. రద్దయినా పుట్టిన బిడ్డ చట్టబద్ధ సంతానమే, పోషణ ఖర్చూ కోర్టు ఇప్పిస్తుంది.