ఇచ్చిన చెక్కులు బ్యాంకుకు రాలేదు, వేసిన చెక్కులు జమ కాలేదు: రికన్సిలియేషన్ ఎలా వేయాలి?

ప్రశ్న: మార్చి ఆఖరుకి మా బుక్‌లో బ్యాంకు బ్యాలెన్స్ ఒకటి ఉంది, స్టేట్‌మెంట్‌లో ఇంకొకటి ఉంది. మేమిచ్చిన చెక్కులు కొన్ని ఇంకా బ్యాంకుకు రాలేదు, వేసిన చెక్కులు రెండు జమ కాలేదు. దేన్ని కలపాలి, దేన్ని తీసేయాలి? ఎంట్రీలు పాస్ చెయ్యాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ఈ రెండింటికీ ఎంట్రీ అక్కర్లేదండి. చెక్కు రాసిచ్చిన రోజే మీ బుక్‌లో డబ్బు తగ్గించేశారు, చెక్కు బ్యాంకులో వేసిన రోజే పెంచేశారు. బుక్ సరిగ్గానే ఉంది, ఆ సంగతి బ్యాంకుకు ఇంకా చేరలేదు. కాబట్టి తేడాను రికన్సిలియేషన్ కాగితం మీద మాత్రమే చూపిస్తాం, లెడ్జర్‌ను ముట్టుకోం.

కలపాలా, తీసేయాలా అన్నది బట్టీ పట్టకండి. పరీక్షలో గుర్తుంటుంది, ఆఫీసులో మర్చిపోతాం. బుక్ బ్యాలెన్స్‌తో మొదలుపెట్టి, ఒక్కో చెక్కు దగ్గర ఆగి ఒకటే ప్రశ్న వేసుకోండి: దీని సంగతి బ్యాంకుకు తెలియదు కదా, మరి అక్కడ డబ్బు మన లెక్క కంటే ఎక్కువ ఉంటుందా, తక్కువ ఉంటుందా? మనం ఇచ్చిన చెక్కు ఇంకా రాకపోతే ఆ డబ్బు ఇంకా అక్కడే ఉంది, కాబట్టి కలపాలి. మనం వేసిన చెక్కు జమ కాకపోతే ఆ డబ్బు ఇంకా అక్కడికి చేరలేదు, కాబట్టి తీసేయాలి.

నేను విజయవాడలో పైపులు, శానిటరీ సామాను అమ్మే ఒక హోల్‌సేల్ షాపులో చాలా ఏళ్లు లెక్కలు రాశాను. అక్కడి ఒక మార్చి నెల లెక్క చెబుతాను, అంకెలు మాత్రం కాస్త సులువు చేశాను.

మార్చి 31న బుక్‌లో 4,13,190 రూపాయలు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 4,49,000. ముందుగా మార్చి స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి, బుక్‌లో ఉన్నవీ స్టేట్‌మెంట్‌లో ఉన్నవీ చెక్కు నంబరుతో సరిచూసుకుంటూ రెండు చోట్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. మొత్తం ఒకటే కదా అని టిక్కు పెట్టొద్దు, ఒకే మొత్తానికి రెండు చెక్కులు ఉండటం మామూలే. టిక్కు పడకుండా మిగిలినవే మన పని.

స్టేట్‌మెంట్ వైపు ఒకటే మిగిలింది, 590 రూపాయల బ్యాంకు ఛార్జీ. ఇది మనకే తెలియని సంగతి, కాబట్టి దీనికి ఎంట్రీ కావాలి. బుక్ వైపు ఐదు మిగిలాయి. ట్రాన్స్‌పోర్టుకు ఇచ్చిన 38,500, సరుకు కంపెనీకి ఇచ్చిన 64,000, ఎలక్ట్రీషియన్‌కు డిసెంబరు 12న ఇచ్చిన 7,200, ఈ మూడూ మేమిచ్చిన చెక్కులు. మిగిలిన రెండు కస్టమర్ల దగ్గర తీసుకుని 31 సాయంత్రం బ్యాంకు చెక్కు డబ్బాలో వేసినవి, 55,000, 18,300.

ఎలక్ట్రీషియన్ చెక్కు మిగతా రెండింటి లాంటిది కాదు. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కుకు మూడు నెలలే ప్రాణం. మార్చి 12 తర్వాత దాన్ని బ్యాంకు తీసుకోదు. అంటే అది 'ఇంకా రాని చెక్కు' కాదు, ఇక రాని చెక్కు. దానికి ఎంట్రీ వేసి బ్యాంకు డెబిట్, పార్టీ క్రెడిట్ చేయాలి. కొందరు దీన్ని ఆదాయంలో వేసేస్తారు, అది తప్పు. చెక్కు చెల్లకపోయినా మన బాకీ ఎక్కడికీ పోలేదు. ఫోన్ చేస్తే ఆయన, "అది ఎక్కడో పోయిందండీ, మళ్లీ రాసివ్వండి" అన్నాడు. ఏప్రిల్‌లో కొత్త చెక్కు ఇచ్చాం.

ఇలా ముందు బుక్‌ను సరిచేసి, తర్వాతే కాగితం మొదలుపెట్టాను:

బుక్ ప్రకారం: 4,13,190
బ్యాంకు ఛార్జీ తీసేస్తే: 4,12,600
కాలం చెల్లిన చెక్కు కలిపితే, సరిచేసిన బుక్ బ్యాలెన్స్: 4,19,800
కలపాలి, ఇచ్చినా బ్యాంకుకు రాని చెక్కులు (38,500 + 64,000): 1,02,500
తీసేయాలి, వేసినా జమ కాని చెక్కులు (55,000 + 18,300): 73,300
బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రకారం ఉండాల్సింది: 4,49,000

స్టేట్‌మెంట్‌లోనూ అంతే ఉంది. మీది ఓడీ ఖాతా అయితే బ్యాలెన్స్‌ను మైనస్ గుర్తుతో రాసుకుని ఇదే వరసలో వేయండి, కలిపేవి తీసేసేవి ఏమీ మారవు.

చాలామంది ఇక్కడితో ఫైలు మూసేస్తారు. నేనూ అలాగే మూసేసేవాణ్ణి, దానికి మా షాపు నష్టపోయింది. ఆ సంగతి మీకు చెప్పాలనే ఇంత రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక కస్టమర్ ఇచ్చిన 46,000 చెక్కు డిసెంబరు 29న బ్యాంకులో వేశాం. చెక్కు మీద తేదీ డిసెంబరు 5. నెలాఖరుకి జమ కాలేదు, 'జమ కావాల్సినవి'లో రాశాను. జనవరిలోనూ రాశాను, ఫిబ్రవరిలోనూ రాశాను. మూడు నెలలూ లెక్క పైసాతో సహా కలిసింది. కలవక ఏం చేస్తుంది? స్టేట్‌మెంట్‌లో లేని మొత్తాన్ని ప్రతి నెలా నేనే తీసేస్తున్నాను కదా.

మార్చి 10న మా సీనియర్ అకౌంటెంట్ గారు ఫైలు తిరగేస్తూ ఆ లైను మీద వేలు పెట్టారు. "ఏవయ్యా, చెక్కు బ్యాంకులో వేసి డెబ్బై రోజులైంది, ఇంకా దారిలోనే ఉందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయనే జనవరి మొదటి వారం స్టేట్‌మెంట్ తీసి `CHQ RTN CHGS` అని ఉన్న 177 రూపాయల లైను చూపించారు. దాన్ని నేను మామూలు బ్యాంకు ఛార్జీగా ఎంట్రీ వేసేశాను, ఏ చెక్కు తిరిగొస్తే ఆ ఛార్జీ పడిందని అడగలేదు. ఆ కస్టమర్ ఖాతాలో డబ్బు లేక చెక్కు డిసెంబరు 31నే తిరిగొచ్చింది. రిటర్న్ మెమో కొరియర్ కవర్లతో పాటు ఒక ఫైల్లోకి వెళ్లిపోయింది.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద వెళ్లాలంటే, చెక్కు తిరిగొచ్చిన సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. ఆ గడువు పోయింది. చెక్కుకు ఇంకా చెల్లుబాటు ఉంటే మళ్లీ వేసి చూసేవాళ్లం. మార్చి 5తో అదీ అయిపోయింది. బాకీ అడిగే హక్కు పోలేదు గానీ, చేతిలో ఉన్న గట్టి ఆయుధం పోయింది. ఈలోపు ఆ కస్టమర్‌కు ఇంకో రెండు లోడ్లు అప్పు మీద పంపేశాం కూడా, మా బుక్‌లో ఆయన డబ్బు కట్టేసినట్టే కనిపిస్తోంది కదా.

అందుకే జమ కాని చెక్కు పక్కన నేను ఇప్పుడు రెండు తేదీలు రాస్తాను, బ్యాంకులో వేసిన తేదీ, తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో జమ అయిన తేదీ. రెండో తేదీ ఖాళీగా ఉంటే ఆ రోజే బ్యాంకుకు ఫోన్ చేస్తాను. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల క్లియరింగ్ రోజంతా జరుగుతోంది, పొద్దున వేసిన చెక్కు చాలావరకు ఆ సాయంత్రానికే తేలిపోతుంది. సెలవులు తీసేసి రెండు మూడు పనిదినాలు దాటినా జమ కాలేదంటే అది దారిలో ఉన్నట్టు కాదు, ఏదో జరిగినట్టు. మార్చి నెలకు మాత్రం ఒక మినహాయింపు ఉంది. ఏప్రిల్ 1న ఖాతాల ముగింపు కోసం బ్యాంకులు మూసి ఉంటాయి కాబట్టి, 31 సాయంత్రం డబ్బాలో వేసిన చెక్కు 2న గానీ ఆ తర్వాత గానీ కనిపిస్తుంది.

ఇచ్చిన చెక్కుల వైపు ఇంకో రకం తప్పు ఉంటుంది, దాన్ని రికన్సిలియేషన్ పట్టుకోలేదు. మార్చి 31న చెక్కులు రాసి, సంతకాలు అయిపోయి, ఖాతాలో డబ్బు పడ్డాక ఇద్దామని ఓనర్ గారు సొరుగులో పెట్టుకుంటారు. బుక్‌లో పేమెంట్ ఎంట్రీ పడిపోయింది. మీరు దాన్ని 'రాని చెక్కు' అని కలుపుతారు, లెక్క చక్కగా కలుస్తుంది. కానీ అవతలి వాళ్ల చేతికి వెళ్లని చెక్కు ఇచ్చినట్టు ఎలా అవుతుంది? మార్చి 31కి ఆ బాకీ అలాగే ఉంది, బ్యాంకులో డబ్బూ మనదే. ఆ ఎంట్రీని వెనక్కి తీసి, చెక్కు చేతికిచ్చిన రోజు వేయాలి. కనిపెట్టడం తేలికే. ఏప్రిల్ స్టేట్‌మెంట్‌లో ఆ చెక్కులు ఏ రోజు పాసయ్యాయో చూడండి. ఊళ్లో ఉన్న సప్లయర్లకు మార్చిలో ఇచ్చిన నాలుగైదు చెక్కులు అన్నీ ఏప్రిల్ 20 తర్వాత ఒకేసారి వచ్చాయంటే, అవి అప్పటిదాకా సొరుగులోనే ఉన్నాయి. ఆడిటర్లు మొదట చూసేది కూడా ఇదే.

మీరు టాలీ వాడుతుంటే `Bank Date` కాలమ్‌లో స్టేట్‌మెంట్‌లో ఉన్న తేదీనే వేయండి. పని తొందరగా అయిపోవాలని వోచర్ తేదీని అక్కడ కొట్టేసేవాళ్లు ఉన్నారు, అలా చేస్తే జమ కాని చెక్కు కూడా జమ అయినట్టు కనిపించి జాబితాలోంచి మాయమైపోతుంది. ఏప్రిల్ 2 అని తేదీ వేస్తే మార్చి 31 రిపోర్టులో ఆ చెక్కు ఇంకా పెండింగ్‌లోనే కనిపిస్తుంది, అది సరైనదే, కంగారు పడొద్దు. కాలం చెల్లిన చెక్కుకు మాత్రం పాత పేమెంట్‌కూ దాన్ని వెనక్కి తీసిన ఎంట్రీకీ ఒకే తేదీ ఇవ్వండి, రెండూ ఒకదానికొకటి కొట్టుకుపోతాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఆ రెండు జమ కాని చెక్కుల పే-ఇన్ స్లిప్పులు తీయడం, ఏప్రిల్ మొదటి వారం స్టేట్‌మెంట్ దించుకోవడం. రెండూ అందులో ఉంటే తేదీలు రాసుకోండి. ఏ ఒక్కటి లేకపోయినా, ముందు అదే స్టేట్‌మెంట్‌లో రిటర్న్ ఛార్జీ ఏమైనా పడిందేమో చూసి, ఆ తర్వాత బ్యాంకుకు వెళ్లండి.